ఇల్లు కొల్లూరులో, పని అంబర్‌పేటలో

హైదరాబాద్‌లో సర్కారు పేదోళ్లకి ఫ్రీగా ఇచ్చే డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు వచ్చినోళ్లు అందులో ఉండట్లేదు, తాళం వేసుకున్నారు, అద్దెకిచ్చుకున్నారు అని వార్త వచ్చినప్పుడల్లా కింద కామెంట్లు చూడండి, ఫ్రీగా ఇస్తే విలువ తెలీదంటారు. నాకైతే అది విలువ గొడవ కాదు, దూరం గొడవ అనిపిస్తుంది.

కొల్లూరే తీసుకోండి. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 145 ఎకరాల్లో 15,660 ఇళ్లు, 2023 జూన్‌లో ఓపెన్ చేశారు, ఒక్కోటి 560 చదరపు అడుగులు. కట్టడం బానే కట్టారు. కానీ ఇల్లు ఎవరికి ఎక్కడ అనేది లాటరీ తేల్చింది, మీరెక్కడ పని చేస్తారని లాటరీ అడగదు కదా. అంబర్‌పేట బస్తీలో ఉండే ఒకావిడ పొద్దున్నే మూడిళ్లలో అంట్లు తోముతుంది అనుకోండి, ఒక ఇంటినుంచి ఇంకో ఇంటికి నడిచే వెళ్తుంది, మధ్యలో ఇంటికొచ్చి పిల్లల్ని బడికి పంపుతుంది. కొల్లూరుకి మారితే ఒకవైపే 30 కిలోమీటర్లు దాటుద్ది, బస్సులు మారాలి, ఆరింటికి మొదటి ఇంటికి చేరడం అయ్యే పని కాదు. మహాలక్ష్మి వల్ల ఆవిడకి టికెట్ ఫ్రీనే, ఆ టైముకి బస్సు దొరకాలిగా! మొగుడికైతే టికెట్ కూడా ఫ్రీ కాదు.

అహ్మదాబాద్‌లో ఇదే కథ ముందే జరిగింది. 1987లో బీడీలు, అగరబత్తులు చుట్టే ఆడోళ్లకి లాటరీ తీసి ఊరికి 12 కిలోమీటర్ల దూరంలో ఇళ్లిచ్చారు. ఇళ్లు చేతికిచ్చిన 14 ఏళ్ల తర్వాత రీసెర్చర్లు వెళ్లి చూస్తే గెలిచినోళ్లలో 34 శాతం అసలు చేరనేలేదు, ఇంకో 32 శాతం చేరి వదిలేశారు. చుట్టాలూ, అవసరానికి చేబదులిచ్చే వాళ్లూ పాత బస్తీలోనే ఉండిపోయారు మరి.

మరి బస్తీలోనే కట్టొచ్చుగా అంటే, కట్టారు కూడా. సికింద్రాబాద్ ఐడీహెచ్ కాలనీలో పాత ఇళ్లు కూల్చి అక్కడే కొత్తవి కట్టి 2015లో ఇచ్చారు, పనికి దూరం పెరగలేదు. కాకపోతే ఊరి మధ్యలో అంత ఖాళీ జాగా ఉండదు, కట్టినన్నాళ్లు జనాన్ని ఎక్కడో ఉంచాలి, అది తలనొప్పే. పైగా ఉన్న సర్కారు భూమి వేలానికి పోతోంది. 2023లోనే కోకాపేటలో ఎకరం గరిష్ఠంగా 100 కోట్లు దాటింది, అంత డబ్బు కనిపిస్తుంటే పేదోళ్ల ఇళ్లకి ఎవరిస్తారు చెప్పండి.

కనీసం ఒకటి చెయ్యొచ్చు. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో సెక్యూరిటీ గార్డుగా, హౌస్‌కీపింగ్‌లో చేసేవాళ్లకి కొల్లూరు దగ్గరే, వాళ్లకి ఇల్లు అంబర్‌పేట వైపు తగిలి ఉంటే అంబర్‌పేట ఆవిడతో మార్చుకోనివ్వాలి. ఇప్పటి రూల్‌తో అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు, కాబట్టి దొంగచాటుగా ఇస్తున్నారు. ఈసారి డ్రా తీసేముందు అప్లికేషన్‌లో పని చేసే చోటు అని ఒక గడి పెట్టడానికి ఖర్చేం అవుద్ది?