సాత్‌బారా ఒక పక్క, గుంటల లెక్క ఇంకో పక్క: స్క్రీన్‌షాట్‌లో ఏది ఉండాలి?

నాందేడ్ జిల్లా ధర్మాబాద్‌లో తెలుగు కుటుంబాలకు భూమి ఒక రాష్ట్రంలో, చుట్టాలు ఇంకో రాష్ట్రంలో ఉండటం కొత్తేమీ కాదు. ఇక్కడి భూమి కాగితం సాత్‌బారా మరాఠీలో ఉంటుంది, విస్తీర్ణం హెక్టార్లు, ఆర్‌లలో ఉంటుంది. నిజామాబాద్‌లో ఉన్న మా మేనమామకు మాత్రం ఎకరాలు, గుంటలలో చెబితే తప్ప ఒంటబట్టదు. అందుకని ట్యాబ్లెట్ తెరను రెండుగా చేసి, ఎడమ పక్క సాత్‌బారా పీడీఎఫ్, కుడి పక్క నోట్స్ యాప్‌లో లెక్క పెట్టుకుని స్క్రీన్‌షాట్ పంపడం నాకు అలవాటైంది. ఆ అలవాటే ఒకసారి మాకు నష్టం తెచ్చింది. ఆ రోజు కుడి పక్క నోట్స్‌కు బదులు ఇంటివాళ్ల మెసేజ్‌లు తెరిచి ఉన్నాయి, మేము ఎంత ధర వరకు దిగుతామో అందులో అంకెతో సహా ఉంది, నేను గమనించకుండా ఆ బొమ్మను కొనేవాళ్లకు పంపాను. బేరం అక్కడి నుంచే మొదలైంది.

తప్పు నాదే. అయితే అందులో పరికరం తీరుకూ కొంత పాత్ర ఉంది. పవర్ బటన్, వాల్యూమ్ తగ్గించే బటన్ కలిపి నొక్కితే ఆండ్రాయిడ్ ట్యాబ్లెట్ తీసేది యాప్‌ను కాదు, ఆ క్షణాన తెర మీద కనిపిస్తున్నదంతా. రెండు యాప్‌లు, మధ్యలోని విభజన గీత, పైనున్న గడియారం, అన్నీ ఒకే బొమ్మలోకి వస్తాయి. ఐప్యాడ్‌లో బటన్లు వేరైనా పద్ధతి ఇదే. ఏ సగం కావాలని ముందుగా అడిగే ఏర్పాటు ఆ బటన్లకు లేదు. కాబట్టి నిశ్చల చిత్రం విషయంలో ‘ఒక్క యాప్’ అంటే ఆచరణలో రెండూ తీసి, తర్వాత ఒకటి కత్తిరించడమే.

కత్తిరించడాన్ని కూడా పూర్తిగా నమ్మడానికి లేదు. గూగుల్ పిక్సెల్ ఫోన్లలో స్క్రీన్‌షాట్‌ను దిద్దే సాధనంలో ఒక లోపం 2023లో బయటపడింది. కత్తిరించిన బొమ్మను పాత ఫైలు మీదే రాస్తూ, మిగిలిపోయిన పాత డేటాను చెరపకుండా వదిలేయడంతో, కత్తిరించిన భాగంలో కొంత తిరిగి రాబట్టడానికి వీలైంది. ఆ ఏడాది మార్చిలో దాన్ని సరిచేశారు. దిద్దుబాటుకు ముందు పంపిన బొమ్మలు మాత్రం ఎవరి దగ్గర ఉన్నవి అలాగే ఉంటాయి. అందుకే దాచవలసినది పక్కన ఉన్నప్పుడు స్క్రీన్‌షాట్ తీసి కత్తిరించడం కంటే, ముందే విభజన గీతను అంచుకు లాగి ఆ యాప్‌ను తెర నుంచి తప్పించి తీయడం మేలని నా అభిప్రాయం. అదనంగా పట్టేది ఐదు సెకన్లు.

రికార్డింగ్, స్క్రీన్ షేరింగ్ సంగతి వేరు. ఆండ్రాయిడ్ 5 నుంచి యాప్‌లకు తెరను రికార్డు చేసే వీలుంది కానీ, చాలా ఏళ్లు అది మొత్తం తెరకే పరిమితమైంది. ఆండ్రాయిడ్ 14 కాలంలో వచ్చిన మార్పుతో, రికార్డింగ్ మొదలుపెట్టే ముందు ఒక్క యాప్ కావాలా, మొత్తం స్క్రీన్ కావాలా అని వ్యవస్థే అడగడం మొదలైంది. ఒక్క యాప్‌ను ఎంచుకుంటే పక్క సగంలో ఏమున్నా వీడియోలోకి రాదు. పై నుంచి దిగే నోటిఫికేషన్లు, స్టేటస్ బార్ కూడా రావు. ఐప్యాడ్‌లో కంట్రోల్ సెంటర్ నుంచి చేసే రికార్డింగ్ మాత్రం రెండు సగాలనూ కలిపే తీస్తుంది.

ఇక్కడ ‘యాప్’ అనే మాట కొంత తప్పుదోవ పట్టిస్తుంది. వ్యవస్థ నిజానికి పట్టుకునేది యాప్ మొత్తాన్ని కాదు, దాని ఒక్క కిటికీని. బ్రౌజర్‌నే రెండు సగాల్లోనూ తెరిచి, ఒకదానిలో భూమి రికార్డు, మరోదానిలో ఇంకేదో పెట్టుకుంటే, ఎంచుకున్న కిటికీ మాత్రమే వీడియోలో ఉంటుంది. అందులోని లింకు నొక్కినప్పుడు పక్క సగంలో వేరే యాప్ తెరుచుకుంటే, చూసేవారికి అది కనిపించదు, మనం మాత్రం కనిపిస్తోందనుకుని వివరిస్తూ పోతాం. ఒక్క యాప్ రికార్డింగ్‌లలో నేను ఎక్కువగా చూసిన పొరపాటు ఇదే.

మరో చిక్కు బొమ్మ ఆకారానిది. 1920 × 1200 తెరను సగం చేస్తే ఒక్కో యాప్‌కు సుమారు 950 × 1200 వస్తుంది, అంటే అడ్డంగా ఉన్న తెరలో నిలువు కిటికీ. రికార్డర్ తన చట్రాన్ని మొత్తం తెర కొలతకే కట్టి ఉంచితే, ఆ నిలువు కిటికీ మధ్యలో నిలిచి, రెండు పక్కలా నల్లని పట్టీలు వస్తాయి. మధ్యలో విభజన గీతను జరిపితే పట్టీల వెడల్పూ మారుతుంది. ఆ వీడియోను ఫోన్ నిలువుగా పట్టుకుని చూసే మేనమామకు అక్షరాలు, రెండు యాప్‌లూ తీసినప్పుడు ఉన్నంత చిన్నగానే కనిపిస్తాయి. సగం తీసినందుకు స్పష్టత దక్కదు. అందువల్ల ముందు పది సెకన్లు రికార్డు చేసి, పట్టీలు ఉన్నాయా అని చూసుకోవాలి. ఉంటే ఆ యాప్‌నే పూర్తి తెరకు పెంచి తీయాలి.

సగం తెర నల్లగా వచ్చినా, ‘భద్రతా విధానం వల్ల స్క్రీన్‌షాట్ తీయలేం’ అన్న అర్థంలో సందేశం వచ్చినా పరికరం చెడిపోయిందని కంగారు పడనక్కర్లేదు. బ్యాంకు యాప్‌ల వంటివి తమ కిటికీని చిత్రం తీయకూడనిదిగా గుర్తు పెడతాయి. రికార్డింగ్‌లో ఆ సగం నల్లబడుతుంది. స్క్రీన్‌షాట్ విషయంలో చాలా ఆండ్రాయిడ్ పరికరాలు, పక్క సగంలో మామూలు పీడీఎఫ్ ఉన్నా సరే, మొత్తం బొమ్మనే నిరాకరిస్తాయి.

ఇంతకీ రెండూ కలిపి తీయవలసిన సందర్భం లేదా అంటే, ఉంది. సాత్‌బారాలో విస్తీర్ణం 1.20.00 అని ఉందనుకుందాం, అంటే 1 హెక్టారు 20 ఆర్‌లు, 12,000 చదరపు మీటర్లు. గుంటకు 101.17 చదరపు మీటర్ల చొప్పున అది 118.6 గుంటలు, అంటే 2 ఎకరాల 38.6 గుంటలు. లెక్క మాత్రమే పంపితే అది ఏ గట్ నంబరు భూమిదో తెలియదు. కాగితం మాత్రమే పంపితే మేనమామ మళ్లీ ఫోన్ చేస్తాడు. రెండూ ఒకే బొమ్మలో ఉంటే ఏ అంకె నుంచి ఏ అంకె వచ్చిందో కంటితో సరిచూసుకోవచ్చు. చెప్పవలసిన విషయం రెండు సగాల మధ్య సంబంధంలోనే ఉన్నప్పుడు విడదీసి తీయడం అనర్థం.

అయితే వెడల్పైన ఆ బొమ్మను వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే అది చిన్నదై, నాణ్యత తగ్గి చేరుతుంది. దేవనాగరిలో ఒకటి, తొమ్మిది అంకెలు (१, ९) ఒకదాన్నొకటి పోలి ఉంటాయి కాబట్టి, మసకబారిన బొమ్మలో ఒక హెక్టారు తొమ్మిదిగా కనబడినా ఆశ్చర్యం లేదు. నేనిప్పుడు రెండు సగాల స్క్రీన్‌షాట్‌ను డాక్యుమెంట్‌గా జతచేసి పంపుతున్నాను, తీసే ముందు కుడి పక్కన ఏముందో చూసుకుంటున్నాను. కొనేవాళ్లకు పంపేటప్పుడు మాత్రం సాత్‌బారాను ఒక్కదాన్నే తెరంతా నింపి తీస్తున్నాను.