మూడు మార్కుల లెక్క

సీఏనా, ఎంబీఏనా అన్న మీమాంసను మన బీకాం కుర్రాడు నోటుబుక్కు వెనకట్ట మీద రెండు నిమిషాల్లో తేల్చేశాడు. సీఏ మూడున్నరేళ్లు, ఎంబీఏ రెండేళ్లు, తేడా ఏడాదిన్నర. అంకెలంటే ప్రాణం, తీసివేత తప్పుతుందా? తప్పలేదు. లెక్క మొదలెట్టిన చోటే తప్పు.

మేలో డిగ్రీ అయితే ఎంబీఏ ప్రవేశపరీక్ష క్యాట్ నవంబరు ఆఖర్లో, ఎంబీఏ క్లాసులు మరుసటి జూన్‌లో. పట్టా చేతికొచ్చేసరికి మూడేళ్లు. ఇటు సీఏలో, డిగ్రీలో 55 శాతం తెచ్చుకున్న కామర్స్ వాడికి మొదటి మెట్టు ఫౌండేషన్ బెడద లేదు, నేరుగా రెండో మెట్టు ఇంటర్. 8 నెలల చదువు, సీఏ దగ్గర రెండేళ్ల శిక్షణ అయిన ఆర్టికల్‌షిప్, ఆపైన 6 నెలలాగి ఫైనల్. ఫలితాల కోసం గోళ్లు కొరుక్కునే కాలమూ కలిపితే నాలుగేళ్లు. అంటే తేడా ఏడాదే, అన్నీ మొదటిసారే గట్టెక్కితే.

మనవాడు సీఏలో చేరి, జాగ్రత్తపడి ఇంటర్‌లో మూడేసి పేపర్ల గ్రూపులు రెండుంటే ఒక్క గ్రూపే రాశాడు. అకౌంట్స్ 62, టాక్స్ 45, లా 40. ఒక్కో పేపర్లో 40 వస్తే చాలు కదా అని ఇంట్లో సంబరం. తెర మీద మాత్రం ఫెయిల్.

"అన్నీ పాస్ మార్కులే కదరా, మరి ఇదేంటి?" అంది వాళ్లమ్మ.

"మూడూ కలిపి 150 రావాలమ్మా. 147 వచ్చాయి."

"ఆ మాత్రం కూడిక ముందే చూసుకోలేకపోయావా?"

అసలు మంట అది కాదు. రెండు గ్రూపులూ కలిపి రాసి, రెండోదాంట్లో 155 తెచ్చుకుని ఉంటే మొత్తం 302 అయ్యేది. ఏ పేపర్లోనూ 40కి తగ్గకపోతే, 300 దాటినందుకు ఈ గ్రూపు కూడా దాని చెయ్యి పట్టుకుని గట్టెక్కేది. జాగ్రత్తే కొంప ముంచింది. 60 దాటింది కాబట్టి అకౌంట్స్‌కి మాత్రం తర్వాతి మూడు ప్రయత్నాల దాకా మినహాయింపు. అంటే వాడికి నచ్చిన అంకెల పేపరు పోయి, టాక్స్‌తో పాటు నచ్చని లా మిగిలింది.

ఆ కోపంలో క్యాట్ నమూనా పరీక్షకి కూర్చున్నాడు. మొదటి 40 నిమిషాలూ ఇంగ్లిష్ వ్యాసాలు, తర్వాతి 40 నిమిషాలూ పట్టికలూ లాజిక్ పజిళ్లూ. ఆ రెండింటి గడియారం పూర్తయ్యేదాకా లెక్కల విభాగం తెరుచుకోదు. తీరా తెరుచుకుంటే అందులో జర్నల్ ఎంట్రీ ఒక్కటీ లేదు, అంతా శాతాలూ బీజగణితమూ. ఎంచుకున్న జవాబు తప్పైతే ఒక మార్కు కోత.

"పోనీ, తర్వాత ఉద్యోగమో?" అన్నాడు నాన్న.

"కంపెనీ ఆడిట్ రిపోర్టు మీద సంతకం సీఏదే. ఎంబీఏ ఫైనాన్స్ వాళ్లకి బ్యాంకులో రుణాల పరిశీలన, నిధుల వ్యవహారం చూసే ట్రెజరీ. కాలేజీని బట్టి ఒక్కోసారి సేల్స్ టార్గెట్లు."

"అవీ అంకెలేగా!"

మనవాడు పలకలేదు. అకౌంట్స్ 62 పోను, లా, టాక్స్ కలిపి 88 తేవాలి. పన్నెండంకెల క్యాలిక్యులేటర్ ఇప్పుడు లా పుస్తకంలో పేజీలు ఎగరకుండా బరువుగా ఉంది.