మనీ ప్లాంట్ ఆకు తెల్లబడితే ఎరువు డబ్బా తీయకండి

“మనీ ప్లాంట్ ఆకుల మీద తెల్లగా పాలిపోయిన మచ్చలు వచ్చాయంటే మట్టిలో ఐరన్, మెగ్నీషియం అయిపోయినట్టే. కుండీ చోటు మార్చలేదు కాబట్టి ఎండ కారణం కాదు. లీటరు నీళ్లలో రెండు చెంచాల ఎప్సమ్ సాల్ట్ కలిపి ఆకుల మీద కొట్టండి, మచ్చలు మళ్లీ పచ్చబడతాయి.”

ఈ సలహా నమ్మి ఎరువు కొట్టే ముందు, మచ్చలు ఏ ఆకుల మీద వచ్చాయో చూడండి. మట్టిలో ఏదైనా తక్కువైతే అది ఆకుల వయసును బట్టి బయటపడుతుంది. నైట్రోజన్, మెగ్నీషియం చాలనప్పుడు మొక్క వాటిని ముదురు ఆకుల్లోంచి లాగి చిగుళ్లకు పంపుకుంటుంది. అందుకే తీగ మొదట్లోని పాత ఆకులు ముందు పసుపెక్కుతాయి. నైట్రోజన్ తక్కువైతే ఆకు మొత్తం, మెగ్నీషియం తక్కువైతే ఈనెల మధ్య భాగం పసుపుగా మారుతుంది. ఐరన్‌ను మొక్క అలా తరలించుకోలేదు కాబట్టి దాని లోపం కొత్త ఆకుల్లో కనిపిస్తుంది: ఆకు పాలిపోయినా ఈనెలు మాత్రం పచ్చగానే ఉంటాయి. వీటిలో ఏదైనా సరే, ఆకు ఎండ వైపు ఉందా, గోడ వైపు ఉందా అన్నదానికన్నా ఆకు వయసే ముఖ్యం.

ఎండ దెబ్బకు ఆకు వయసుతో పనిలేదు, దిక్కుతోనే పని. గ్రిల్ వైపున్న ఆకులు తెల్లబడి, అదే తీగకు గోడ వైపున్నవి నిగనిగలాడుతుంటే అనుమానం అక్కర్లేదు. ఇంకా గట్టి రుజువు కావాలంటే ఒకదాని మీద ఒకటి పడి ఉన్న రెండు ఆకులను వెతకండి. పై ఆకును ఎత్తితే, దాని నీడ పడిన మేర కింది ఆకు పచ్చగా ఉంటుంది, నీడ అంచు దాటగానే తెల్లగా ఉంటుంది. మట్టిలోని లోపం సాధారణంగా ఇలా గీత గీసి ఆగదు. మచ్చలో ఈనెలు కూడా రంగు పోగొట్టుకుంటాయి. నాలుగు రోజులు పోయాక వేళ్ల మధ్య పట్టుకు చూస్తే ఆ భాగం ఉల్లిపొరలా పల్చగా, పొడిగా తగులుతుంది, తర్వాత గోధుమ రంగుకు తిరుగుతుంది. మార్బుల్ క్వీన్ లాంటి రకాల్లో ఆకు విచ్చుకునేటప్పుడే ఉండే తెలుపు వేరు, అది మెత్తగా ఉంటుంది. కాకపోతే పచ్చదనం లేని ఆ భాగాలే ఎండకు ముందు మాడతాయి.

కుండీ కదలకపోయినా సూర్యుడు కదులుతాడు. హైదరాబాద్‌లో దక్షిణం వైపు బాల్కనీనే తీసుకోండి. నగరం సుమారు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. జూన్‌లో మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు, కాబట్టి పై అంతస్తు స్లాబు నీడలో గ్రిల్ దగ్గరి కుండీకి కూడా నేరుగా ఎండ తగలదు. డిసెంబర్ వచ్చేసరికి అదే సూర్యుడు దక్షిణాన దాదాపు 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, ఎండ ఏటవాలుగా లోపలికి వచ్చేస్తుంది. వానాకాలం నీడలో విచ్చుకున్న పల్చటి ఆకులకు ఆ ఎండ కొత్త. వాడుకోగలిగినదానికి మించి వెలుతురు పడినప్పుడు ఆకులోని పత్రహరితం చెడిపోతుంది. చెట్టెక్కిన మనీ ప్లాంట్ ఎండలోనే బాగుంటుంది కదా అంటారు. నిజమే, దాని ఆకులు ఆ వెలుతురులోనే తయారయ్యాయి. నీడలో పుట్టిన ఆకుకు ఆ తట్టుకునే శక్తి ఉండదు. గుండె ఆకారపు ఆకుల ఫిలోడెండ్రాన్‌కూ ఇదే లెక్క.

ఇక ఎప్సమ్ సాల్ట్. అది మెగ్నీషియం సల్ఫేట్, అందులో ఐరన్ లేదు. కాబట్టి ఐరన్ తక్కువైందని చెప్పి దాన్ని కొట్టమనడమే పొసగని మాట. మెగ్నీషియం నిజంగా తక్కువైన మొక్కకు అది పనికొస్తుంది గానీ, చచ్చిపోయిన కణాలకు ఏ ఎరువూ ప్రాణం పోయదు. పైగా ఎండలో కొడితే నీరు ఆవిరై, ఉప్పు చిక్కబడి ఆకు అంచులను మాడ్చవచ్చు. పనిచేసిందనుకునేవాళ్ల మొక్కల్లో సాధారణంగా జరిగేది కొత్త ఆకులు శుభ్రంగా రావడమే. పాత మచ్చ అలాగే ఉంటుంది.

చేయాల్సింది ఇది. కుండీని గ్రిల్ నుంచి ఒక మీటరు లోపలికి, నేరుగా ఎండ పడని చోటికి జరపండి, వీలుకాకపోతే 50 శాతం షేడ్ నెట్ కట్టండి. మచ్చ అంచు వెంట మార్కర్‌తో సన్నగా చుక్కలు పెట్టండి. రెండు వారాల్లో మచ్చ రంగు మారినా చుక్కలు దాటకుండా ఉండి, కొత్త ఆకు మామూలుగా వస్తే అది ఎండ దెబ్బే. సగానికి పైగా పచ్చగా ఉన్న ఆకులను కత్తిరించకండి, అవి ఇంకా మొక్కకు తిండి పెడుతున్నాయి. నీడకు మార్చాక కూడా వచ్చే ప్రతి కొత్త ఆకూ పచ్చటి ఈనెలతో పాలిపోయి వస్తుంటే, అప్పుడు ఐరన్ సంగతి చూడాలి. అక్కడ కూడా తరచుగా అసలు కారణం మట్టిలో ఐరన్ లేకపోవడం కాదు. క్షారగుణం ఉన్న బోరు నీళ్లు పోసీ పోసీ మట్టి పీహెచ్ పెరిగి, ఉన్న ఐరన్ వేళ్లకు అందకపోవడం. కుండీ మట్టి మార్చి, కొన్నాళ్లు వాన నీళ్లో ఆర్వో నీళ్లో పోసి చూడండి.