పనీర్ నీళ్లలో అంత ప్రొటీనేం లేదండీ

పనీర్ చేశాక మిగిలిన నీళ్లు పారబోస్తే ప్రొటీన్ అంతా సింకులో పోసినట్టేనట! ఈ మాట ఎక్కడ చూసినా కనిపిస్తోంది. పొద్దున్నే ముక్కు మూసుకుని ఆ పుల్లటి నీళ్లు తాగేవాళ్లూ తయారయ్యారు. ఒక్కసారి లెక్క వేసి చూడండి.

లీటరు ఫుల్ క్రీమ్ పాలు తీసుకుందాం. ప్యాకెట్ మీద 100 మి.లీ.కి 3.3 గ్రాముల ప్రొటీన్ అని ఉందనుకోండి. అంటే మీ గిన్నెలో ఉన్నది మొత్తం 33 గ్రాములు. నిమ్మరసం పిండినా, వెనిగర్ పోసినా ఇది పెరగదు. పాలు విరిచి, వడకట్టి, బరువు పెడితే సుమారు 200 గ్రాముల పనీర్, ముప్పావు లీటరు పైచిలుకు నీళ్లు వస్తాయి. సరిగ్గా విరిగితే ఆ నీళ్లలో 100 మి.లీ.కి దాదాపు 0.4 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. అన్నీ కలిపితే మూడు గ్రాములు, అంటే అర గుడ్డు. మిగతా 30 గ్రాములూ పనీర్‌లోనే ఉన్నాయి.

మరి ఆ నీళ్లలో ఉన్నదేమిటి? ముఖ్యంగా పాలలోని చక్కెర, లాక్టోజ్. పాలలో ఉన్న లాక్టోజ్‌లో ఎక్కువ భాగం నీళ్లతోనే వెళ్లిపోతుంది. అర గుడ్డు ప్రొటీన్ కోసం ఆ నీళ్లన్నీ తాగితే 35 గ్రాములకు పైగా చక్కెర కూడా లోపలికి పోతుంది. పాలు పడని వాళ్లకైతే కడుపుబ్బరం అదనం.

ఈ గందరగోళమంతా జిమ్ వాళ్ల వే ప్రొటీన్ డబ్బా వల్ల వచ్చింది. వే అంటే విరుగుడు నీళ్లే కదా, అదీ ఇదీ ఒకటే అనుకుంటున్నారు. ఆ పొడి ఎక్కువగా చీజ్ తయారీలో మిగిలిన నీళ్ల నుంచి వస్తుంది. చీజ్ కోసం పాలను మరిగించరు, గోరువెచ్చగా ఉండగానే రెన్నెట్ అనే ఎంజైమ్ వేసి గడ్డకట్టిస్తారు. అప్పుడు పాల ప్రొటీన్‌లో సుమారు 80 శాతం ఉండే కేసీన్ గడ్డకట్టి, మిగతా 20 శాతం వే ప్రొటీన్ నీళ్లలోనే ఉండిపోతుంది. దాన్ని వడపోసి, చిక్కబరిచి, పొడి చేస్తారు. మనం మాత్రం పాలు మరిగిస్తాం. ఆ వేడికి వే ప్రొటీన్‌లో చాలా భాగం విచ్చుకుని కేసీన్‌కి అతుక్కుంటుంది. పులుపు పడగానే రెండూ కలిసే విరుగుతాయి. డబ్బాలోకి వెళ్లే సరుకులో చాలావరకు మన పనీర్‌లోనే ఇరుక్కుపోయిందన్నమాట.

నమ్మకం లేకపోతే వడకట్టిన నీళ్లను మళ్లీ మరిగించండి. పాలు బాగా మరిగించి చేసినదైతే పెద్దగా ఏమీ తేలదు. పాలు వేడెక్కగానే తొందరపడి పులుపు పోసి ఉంటే మాత్రం తెల్లటి తునకల్లాంటివి తేలుతాయి. అతుక్కోకుండా తప్పించుకున్న ప్రొటీన్ అదే. ప్యాకెట్ పాలు పాశ్చరైజ్ చేసినవే అయినా ఆ వేడి ఈ పనికి చాలదు. పొంగొచ్చాక సన్న సెగ మీద రెండు మూడు నిమిషాలు ఉంచి, స్టవ్ కట్టేసి, ఒక నిమిషం ఆగి, అప్పుడు పులుపు పోయాలి.

నిజంగా నష్టం జరిగేది వేరే చోట. నీళ్లు లేత ఆకుపచ్చ కలిసిన పసుపు రంగులో తేటగా ఉండాలి. పాలలా తెల్లగా ఉన్నాయంటే పులుపు చాలలేదు, కేసీనూ వెన్నా ఇంకా నీళ్లలోనే ఉన్నాయి. లీటరుకి రెండు టేబుల్ స్పూన్ల నిమ్మరసం సాధారణంగా సరిపోతుంది, కానీ అన్ని కాయల పులుపూ ఒకటి కాదు. నీళ్లు తేటపడకపోతే ఇంకో చెంచా పోసి, మెల్లగా ఒకసారి తిప్పి, ఐదు నిమిషాలు కదపకుండా వదిలేయండి. గరిటెతో గిలక్కొడితే గడ్డలు నలిగి నూకలా మారి గుడ్డలోంచి జారిపోతాయి. నీళ్లు పది నిమిషాలు నిలవనిస్తే గిన్నె అడుగున తెల్లటి మడ్డి కనిపిస్తుంది. అది పనీరే. పారబోసినందుకు బాధపడాల్సింది దానికి.

ఇంకో తప్పు లెక్క కూడా ఉంది. కొన్న పనీర్ ప్యాకెట్ మీద 100 గ్రాములకు 20 గ్రాములని చూసి, ఇంట్లో చేసిన 200 గ్రాములకు 40 వేసేసుకుంటారు. పాలలో ఉన్నదే 33 అయితే 40 ఎక్కడి నుంచి వస్తుంది? ఇంటి పనీర్‌లో తేమ ఎక్కువ, అంతే. బరువు పెట్టి ఇంకో 30 గ్రాముల నీరు దింపినా ప్రొటీన్ తగ్గదు, ముక్క చిక్కబడుతుంది. అందుకే పనీర్ తూకం కాదు, పాల ప్యాకెట్ మీది అంకె చూసి, పోసిన పాలన్నిటికీ లెక్కేసి, అందులో పదో వంతు తీసేయండి. టోన్డ్ పాలతో చేస్తే పనీర్ 150 గ్రాములే రావచ్చు. తగ్గింది ముఖ్యంగా వెన్నా, దానితోపాటు ఉండే తేమా. ప్రొటీన్ దాదాపు అంతే.

నీళ్లు పారబోయమని కాదు. చపాతీ పిండి కలపండి, బాగుంటుంది. పప్పులో పోస్తే మాత్రం పప్పు ఉడికాకే పోయండి, ముందే పోస్తే ఆ పులుపుకి గింజ మెత్తబడదు.