రెండోసారి లెక్కపెట్టిన నేరం

గోదాము గుమాస్తాకు కూడికలు వస్తే చాలు. తీసివేతలు కూడా వచ్చాయంటే సంస్థకు గడ్డుకాలం మొదలైనట్టే. నా మాట అతిగా అనిపిస్తే ఈ కథ వినండి.

ఆ రాత్రి 816 కార్టన్ల బల్బులు లారీలెక్కాలి. సిస్టమ్‌లో 9 వాట్లవి 480, 12 వాట్లవి 336 ఉన్నాయి. గుమాస్తా లేబుళ్లు చూసుకుంటూ లెక్కపెడితే 504, 312 వచ్చాయి. మొత్తం మాత్రం 816. బుద్ధిమంతుడైతే ఆ మొత్తం చూసి ఇంటికి పోయేవాడు. ఈయన మళ్లీ లెక్కపెట్టాడు. మళ్లీ అంతే.

మేనేజరుగారు ఓర్పుగా చెప్పారు. "ఏమయ్యా, మొత్తం సరిపోయింది కదా. ఒకదాంట్లో 24 కలిపి, ఇంకోదాంట్లో 24 తీసెయ్. అడ్జస్ట్‌మెంట్ ఎంట్రీ ఉన్నది ఎందుకు?"

నిజమే. గోదాములకు అదే గంగాస్నానం. ఒక్క మునకతో ఏ తేడా అయినా కొట్టుకుపోతుంది.

"సరుకు పోతే ఒకవైపే తగ్గాలి సార్. ఇక్కడ తగ్గినంతా పక్కదాంట్లో పెరిగింది. పైగా మన ప్యాలెట్‌కి పట్టేది సరిగ్గా 24 పెట్టెలే."

చూశారా ధిక్కారం?

సూపర్‌వైజరు స్కానర్ తెచ్చాడు. ఏ పెట్టెకు పెట్టినా పచ్చదీపమే. స్కానర్‌కి ఎంతో మర్యాద. లేబుల్ చెప్పింది నమ్ముతుందే తప్ప లోపల ఏముందని ఆరా తీయదు. మన గుమాస్తాకు ఆ సంస్కారం లేదు కాబట్టి తూకం యంత్రం ఈడ్చుకొచ్చాడు. 9 వాట్ల ప్యాలెట్లు 21. ఒక్కోదాని నుంచి ఒక్కో పెట్టె దింపి తూచాడు. అన్నీ ఏడు కిలోలకు కాస్త అటూ ఇటూ. పదిహేడో ప్యాలెట్ దగ్గర మాత్రం ఎనిమిదిన్నర చూపించింది. (పెట్టెలు నాలుగు చోట్లకీ చెదిరిపోయి ఉంటే ఈ ఉపాయం పారేది కాదు. అదృష్టం కూడా ఇలాంటివాళ్ల పక్షమే.)

విప్పితే 12 వాట్ల బల్బులు. లేబుల్ మీద ప్యాకింగ్ సమయం మధ్యాహ్నం 2:25. ఆ రోజు 9 వాట్ల ప్యాకింగ్ 2:10కే అయిపోయిందని ప్రొడక్షన్ రిజిస్టర్ చెబుతోంది. లైన్ మీద సరుకు మారింది గానీ, లేబుల్ ప్రింటర్లో పాత పేరు మార్చడం మరిచారు. రిజిస్టర్లో మాత్రం అసలు సరుకే రాశారు కాబట్టి సిస్టమ్ లెక్క నిజం, పెట్టెలే అబద్ధం. ఒక ప్యాలెట్ నిండాక ఎవరో చూసి ప్రింటర్‌ని సరిచేశారట. అప్పటికే గోదాముకి వెళ్లిపోయిన ప్యాలెట్ ఊసు మాత్రం ఎత్తలేదు. గతాన్ని తవ్వకపోవడం పెద్దమనిషి లక్షణం కదా.

మిగతా 23 పెట్టెలూ తూచి, మొత్తం 24కీ లేబుళ్లు మార్చేసరికి లారీలు రెండు గంటలు ఆలస్యమయ్యాయి. డిస్పాచ్ రిపోర్టులో 'ఆలస్యానికి కారణం' అనే గడి ఒకటుంటుంది. మేనేజరుగారు కాసేపు పెన్ను కొరికి, అందులో 'స్టాకు లెక్కింపు' అని రాసి సంతకం పెట్టారు.