ముప్పావలా వడ్డీ చవకా, పద్నాలుగు శాతం చవకా?

మా పిన్ని కొడుకు కూరగాయల వ్యాపారానికి ఒక పాత ట్రాలీ ఆటో చూసుకున్నాడు. దానికి 3 లక్షల అప్పు కావాలి, మూడేళ్లలో తీర్చాలి. రెండు చోట్ల అడిగి, రెండు కాగితాలతో మా ఇంటికి వచ్చాడు. ఒకటి ఫైనాన్స్ కంపెనీ ఏజెంటు తన విజిటింగ్ కార్డు వెనక రాసిచ్చినది: "నూటికి ముప్పావలా, అంటే 9 శాతం". రెండోది బ్యాంకు ఇచ్చిన అచ్చు కాగితం: వడ్డీ 14 శాతం. "ఇందులో ఆలోచించేది ఏముంది అన్నా, తొమ్మిదే కదా తక్కువ" అన్నాడు.

తొమ్మిది పద్నాలుగు కన్నా తక్కువే. కానీ ఆ రెండు అంకెలు ఒకే విషయాన్ని కొలవడం లేదు. ఈ పొరపాటులో అతని తప్పు కన్నా మన అలవాటు తప్పే ఎక్కువ. మన ఊళ్లలో వడ్డీని నూటికి నెలకు ఇన్ని రూపాయలు అని చెప్పుకుంటాం. రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం, రెండు రూపాయలంటే 24. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మహిళా సంఘాలకు ఇచ్చిన పావలా వడ్డీ అంటే ఏడాదికి 3 శాతం. ఈ లెక్క చేబదులుకు సరిగ్గా సరిపోతుంది, ఎందుకంటే అక్కడ అసలు మొత్తం చివరి రోజు దాకా అప్పు తీసుకున్నవాడి దగ్గరే ఉంటుంది. నెలనెలా వడ్డీ కట్టి, ఆఖరున అసలు ఒకేసారి ఇస్తాం. పూర్తి సొమ్ము వాడుకున్నాం కాబట్టి పూర్తి సొమ్ముపై వడ్డీ కట్టడం న్యాయమే.

వాయిదాల అప్పు అలా నడవదు. మొదటి నెల నుంచే అసలు కొంచెం కొంచెంగా వెనక్కి వెళుతుంది. ఏజెంటు చెప్పిన ముప్పావలా మాత్రం మూడేళ్లూ 3 లక్షల మీదే లెక్క కడుతుంది. దీన్నే ఫ్లాట్ వడ్డీ అంటారు. ఏడాదికి 27,000 చొప్పున మూడేళ్లకు 81,000 వడ్డీ. అసలుతో కలిపి 3,81,000ను 36తో భాగిస్తే నెల వాయిదా 10,583 రూపాయలు. అందులో అసలు 8,333, వడ్డీ 2,250.

చివరి నెల దగ్గర ఒక్క క్షణం ఆగి చూడండి. 35 వాయిదాలు కట్టేశాక ఈ లెక్కలో మిగిలిన అసలు 8,333 రూపాయలే. ఆ నెలకు కూడా వడ్డీ 2,250. అంటే ఆ ఒక్క నెలకు నూటికి 27 రూపాయల వడ్డీ! ఊళ్లో ఎవరైనా ఆ ధర చెబితే మనం గుమ్మం కూడా తొక్కం. ముప్పావలా అన్న మాట మొదటి నెలకే నిజం, ఆ తర్వాత ప్రతి నెలా అది పెరుగుతూ పోతుంది.

బ్యాంకు చెప్పిన 14 శాతం తగ్గుతున్న బాకీ మీద. మొదటి నెల వడ్డీ 3,500, అది ఫైనాన్స్ కంపెనీ వడ్డీ కన్నా ఎక్కువే. కానీ బాకీ తగ్గేకొద్దీ అదీ తగ్గుతుంది. వాయిదా 10,253 వస్తుంది, మూడేళ్లలో కట్టే మొత్తం సుమారు 3,69,100. అంటే 14 శాతం అప్పుకు నెలకు 330 రూపాయలు తక్కువ కట్టాలి. ఫ్లాట్ 9 శాతాన్ని తగ్గే బాకీ లెక్కలోకి మారిస్తే 16.2 శాతం అవుతుంది. నోటితో అంచనా వేయాలంటే మూడేళ్ల అప్పుకు ఫ్లాట్ రేటును రెట్టింపు చేసి కొంచెం తగ్గించుకుంటే చాలు.

ఇక్కడితో బ్యాంకు గెలిచిందని తమ్ముడు లేవబోయాడు. కానీ అసలు చిక్కు అక్కడే ఉంది. వాయిదా ఎంత అన్నది సగం ప్రశ్నే, చేతికి ఎంత వస్తుందన్నది మిగతా సగం.

ఫైనాన్స్ కంపెనీ పత్రాల ఖర్చుల కింద 3,000 పట్టుకుని 2,97,000 ఇస్తుంది. బ్యాంకు ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం, అంటే 6,000. దానిపై 18 శాతం జీఎస్టీ 1,080. దాని కింద ఇంకో వరుస ఉంది: రుణ రక్షణ బీమా, 5,000. ఇవన్నీ పోగా చేతికి వచ్చేది 2,87,920. కానీ వాయిదా లెక్క కట్టింది 3 లక్షల మీద. ఆటో అమ్మేవాడికి 3 లక్షలూ ఇవ్వాల్సిందే కాబట్టి తగ్గిన 12,080 వేరే చోట సర్దుకోవాలి.

ఈ కోతలన్నీ కలుపుకొని ఏడాదికి నిజంగా పడే భారాన్ని చెప్పే అంకెను వార్షిక శాతం రేటు అంటారు, కాగితాల్లో ఏపీఆర్ అని ఉంటుంది. దాన్ని కనుక్కోవడం కష్టమేమీ కాదు. ఫోనులో ఉన్న ఏ స్ప్రెడ్‌షీట్‌లోనైనా వాయిదాల సంఖ్య, వాయిదా, చేతికొచ్చిన సొమ్ము, ఈ మూడూ ఇస్తే చాలు:

```
=RATE(36,-10583,297000)*12
=RATE(36,-10253,287920)*12
```

మొదటిది ఫైనాన్స్ కంపెనీది, దాదాపు 17 శాతం. రెండోది బ్యాంకుది, 16.9 శాతం. తొమ్మిదికీ పద్నాలుగుకూ మధ్య కనిపించిన దూరమంతా కరిగిపోయి, రెండూ ఒకే చోట నిలబడ్డాయి. నెలవారీ రేటును 12తో గుణించకుండా చక్రవడ్డీగా కడితే రెండు అంకెలూ ఇంకాస్త పెరుగుతాయి. ఏ పద్ధతైనా ఫరవాలేదు, రెండు అప్పులకూ ఒకే పద్ధతి వాడాలి.

బ్యాంకు అప్పును ఫైనాన్స్ కంపెనీ అప్పు దాకా లాగింది ఆ బీమా వరుస. వాహనానికి థర్డ్ పార్టీ బీమా చట్టప్రకారం తప్పదు. రుణ రక్షణ బీమా అలాంటిది కాదు. అప్పు తీసుకున్నవాడు చనిపోతే బాకీ తీర్చే పాలసీ అది. దాన్ని తీసుకోవాలని ఏ చట్టమూ చెప్పదు. కుటుంబానికి రక్షణ కావాలనుకుంటే సాధారణ టర్మ్ పాలసీని విడిగా, ధర పోల్చుకుని తీసుకోవచ్చు. అప్పు సొమ్ములోంచి కోసి, దానిపై మూడేళ్లు వడ్డీ కూడా కట్టడం నాకు సమ్మతం కాదు. ఆ ఒక్క వరుస తీసేస్తే చేతికి 2,92,920 వస్తుంది, భారం 15.7 శాతానికి దిగుతుంది. చేతికొచ్చిన సొమ్ము కన్నా అదనంగా కట్టేది ఫైనాన్స్ కంపెనీ దగ్గర 84,000 అయితే, బ్యాంకు దగ్గర 76,200. తేడా 7,800 రూపాయలు.

ఈ లెక్కను ఇప్పుడు అప్పు ఇచ్చేవాళ్లే రాసివ్వాలి. రిజర్వు బ్యాంకు 2024 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి మంజూరయ్యే వ్యక్తిగత, చిన్న పరిశ్రమల టర్మ్ రుణాలన్నిటికీ కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ ఇవ్వాలి. బ్యాంకులకూ, ఫైనాన్స్ కంపెనీలకూ ఇది వర్తిస్తుంది. అది అప్పు తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఉండాలి. బీమా వంటి బయటివారి ఖర్చులను అప్పు ఇచ్చేవారు వసూలు చేస్తే వాటినీ ఏపీఆర్‌లో కలిపి చూపాలి. అందులో లేని రుసుమును తర్వాత మన స్పష్టమైన అంగీకారం లేకుండా వసూలు చేయకూడదు. వారం రోజులకు మించిన అప్పుకు ఆ కాగితం కనీసం మూడు పని దినాలు చెల్లుతుంది, అంటే ఇంటికి తెచ్చుకుని పోల్చుకునే సమయం మనకు ఉంది. విజిటింగ్ కార్డు వెనక రాసిన 9 పక్కన పెట్టి ఆ కాగితం ఇమ్మని అడిగితే, అదే కంపెనీ అచ్చులో దాదాపు 17 శాతం అని చూపాల్సి వస్తుంది. వాయిదా ఆలస్యమైతే పడే జరిమానాలు మాత్రం ఏపీఆర్‌లో కలవవు, వాటిని విడిగా చదువుకోవాలి.

అయితే ఏపీఆర్ ఒక్కటే చూసినా మోసపోతాం. తమ్ముడికి బ్యాంకు ఇంకో దారి కూడా చూపింది: మూడేళ్లు కాకుండా ఐదేళ్లు. వాయిదా 10,253 నుంచి 6,980కి దిగుతుంది. ఫీజు ఐదేళ్ల మీద పరుచుకుంటుంది కాబట్టి ఏపీఆర్ కూడా 15.7 నుంచి 15.1కి తగ్గుతుంది. రేటు తగ్గింది, వాయిదా తగ్గింది, కానీ కట్టే మొత్తం 4,18,800 అయింది. దాదాపు 49,700 ఎక్కువ, అదీ ఏళ్లు గడిచేకొద్దీ మరమ్మతులు పెరిగే పాత ఆటో మీద. అందుకే గడువు ఒకటే అయినప్పుడు ఏపీఆర్ చూడాలి, గడువు మారితే మొత్తం రూపాయలు కూడా పక్కన రాసుకోవాలి.

ఇంకొక మాట అతను పోతూ పోతూ అన్నాడు. "ఏడాదికి చీటీ డబ్బు వస్తుంది అన్నా, అప్పుడు అప్పు మూసేస్తాను." ఈ ఒక్క మాట లెక్క మొత్తాన్ని మార్చేస్తుంది. 12 వాయిదాల తర్వాత బ్యాంకు బాకీ 2,13,550 ఉంటుంది. కాగితంలో ముందస్తు ముగింపు రుసుము 4 శాతం అని ఉంది, జీఎస్టీతో కలిపి 10,080. వ్యాపారం కోసం కాకుండా వ్యక్తులు తీసుకునే, వడ్డీ మారే రుణాలపై ఈ రుసుము వేయకూడదు. కానీ ఇది వడ్డీ మారని అప్పు. మొదట్లో పోయిన 7,080, చివర్లో పోయే 10,080, రెండూ ఒక్క ఏడాది మీదే పడితే భారం 20.5 శాతానికి చేరుతుంది. కాగితంలోని 15.7 మూడేళ్లూ నిలిచినవాడికే.

ఏడాదికి మూసేస్తే ఎంత కట్టాలో ఫైనాన్స్ కంపెనీ ఏజెంటును ఫోనులో అడిగించాను. "అప్పుడు చూసుకుందాం" అన్నాడు. ఫ్లాట్ అప్పులో ఈ ప్రశ్న మరీ ముఖ్యం. నిజమైన తగ్గే బాకీ లెక్కన కడితే అది సుమారు 2,15,600, మిగిలిన వాయిదాలన్నీ వడ్డీతో సహా అడిగితే 2,54,000. ఈ రెండింటి మధ్య ఎక్కడ నిలుస్తుందో ఒప్పందంలో రాసి ఉంటేనే తెలుస్తుంది. రాతపూర్వకంగా అంకె ఇవ్వని చోట సంతకం వద్దని చెప్పాను.

మర్నాడు బ్యాంకుకు వెళ్లి బీమా వద్దని రాసిచ్చాడు, కొత్త కాగితం తెచ్చుకున్నాడు, మూడేళ్లకే తీసుకున్నాడు. చీటీ డబ్బు వచ్చిన రోజు లెక్క మళ్లీ వేరుగా ఉంటుందని అతనికి చెప్పి పంపాను. మొదట కట్టిన ఫీజు అప్పటికి పోయిన సొమ్మే కాబట్టి దాన్ని లెక్కలోకి తేకూడదు. ఆ రోజు 2,23,630 కట్టి మూసేస్తే, ఆ తర్వాత రెండేళ్లలో కట్టాల్సిన 2,46,080 తప్పుతుంది. ఆ 22,450 ఆదా ఆ సొమ్ముపై ఏడాదికి 9.4 శాతం రాబడితో సమానం. కూరగాయల సరుకులో పెడితే అంతకన్నా ఎక్కువ మిగులుతుందో లేదో నాకన్నా అతనికే బాగా తెలుసు.