"బుక్ చేసుకోండి" ముందా, ట్రిప్ ముందా?

"గూగుల్‌లో మన పేరు కింద వచ్చే రెండు లైన్లలో 'వెంటనే బుక్ చేసుకోండి' అని మొదటే పెడితే తప్పేంటి?"

అడిగింది మా బావ. విశాఖలో కార్లు అద్దెకు తిప్పుతారు.

నేను: ఇప్పుడున్నది చదవండి బావా. "వెంటనే కాల్ చేయండి! తక్కువ ధరలు, నమ్మకమైన సేవ. త్వరపడండి! విశాఖ నుంచి అరకు..." ఫోన్‌లో అరకు రాకముందే తెగిపోతోంది. ఎక్కడికి తీసుకెళ్తారో తెలియకుండా ఎవరైనా ఎందుకు కాల్ చేస్తారు?

బావ: కాంప్లెక్స్ దగ్గర పంచిన పాంప్లెట్‌లో నంబరే పైన పెద్దగా వేశాం. బాగానే ఫోన్లు వచ్చాయి.

నేను: పాంప్లెట్ అడక్కుండా చేతికొచ్చేది, అందుకే ముందు కేక వేసి ఆపాలి. గూగుల్‌లో మనిషే "అరకు ఒక్కరోజు ట్రిప్" అని వెతుక్కుంటూ వస్తాడు. అతనికి కావాల్సింది ఆ మాటే. నంబరంటారా, గూగుల్‌లో మన వ్యాపారం వివరాలు చూపించే Google Business Profile లో కాల్ బటన్ వేరే ఉంది.

బావ: సరే, "బుక్ చేసుకోండి" చివర పెడితే అదీ తెగిపోతుందిగా?

ఈ మాట నిజం. నేనూ మొదట్లో చివరే పెట్టేదాన్ని.

నేను: అందుకే చివర వద్దు. ట్రిప్ ఏమిటో ఒక్క వాక్యం, వెంటనే ఏం చేయాలో చెప్పే పిలుపు, ఆ తర్వాతే మిగతావి. పిలుపు కూడా పేజీలో నిజంగా చేయగలిగే పనై ఉండాలి. పేజీ కోడ్‌లో ఆ రెండు లైన్లు ఇలా రాద్దాం:

```html
<meta name="description" content="విశాఖ నుంచి అరకు, బొర్రా గుహలు ఒక్కరోజు కారు ట్రిప్. రేట్లు చూసి తేదీ ఎంచుకోండి. తెల్లవారుజామున బయల్దేరి రాత్రికి తిరిగి ఇంటికి.">
```

బావ: బొర్రా టికెట్లు కూడా ఇందులోనే అని రాయి.

నేను: టికెట్లు విడిగా కదా! పోయినసారి గుహల దగ్గర ఆ కుటుంబం మీతో గొడవపడింది దీనికే.

బావ: అది డ్రైవర్ చెప్పిన మాట, నేను కాదు.

నేను: ఎవరన్నా సరే, పేజీలో లేనిది ఇక్కడ రాయను.

బావ: అయినా గూగుల్ ఒక్కోసారి మనం రాసింది వదిలేసి పేజీలోంచి వేరే వాక్యం చూపిస్తుందన్నావు. మరెందుకీ శ్రమ?

నేను: చూపిస్తుంది, ఆపలేం. దీనివల్ల పైకి ర్యాంకు కూడా రాదు. కానీ వెతికిన మాటకి మన లైన్ సరిపోతే దాన్నే వాడే అవకాశం ఎక్కువ. "త్వరపడండి"లో సరిపోయే మాట ఒక్కటీ లేదు.

బావ: క్లిక్‌లు పెరిగాయని ఎలా తెలుస్తుంది?

నేను: గూగుల్‌లో మన పేజీల లెక్కలు చూపించే Search Console లో ఈ ఒక్క పేజీ తీసి, అవే వెతుకులాటలకి మార్పు ముందు 28 రోజుల CTR, అంటే లైన్ కనిపించిన ప్రతి వందసార్లలో ఎన్ని క్లిక్‌లు వచ్చాయో, తర్వాత 28 రోజులది పక్కపక్కన పెడదాం. సగటు స్థానం కూడా చూడాలి. మనం పైకి వెళ్లినా క్లిక్‌లు పెరుగుతాయి.

బావ: డిసెంబర్‌లో అరకుకి జనం ఎలాగూ వస్తారు. అప్పుడు నీ లైన్ గొప్పా, చలికాలం గొప్పా?

దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. పోయినేడు ఇవే నెలల లెక్క కూడా తీయమన్నాను.